ఇరవై శాతం దేని మీద? తరగతి దుకాణంలో లాభనష్టాలు, వడ్డీ లెక్కలు

ఒక జామెట్రీ బాక్సును 80 రూపాయలకు కొని 100 రూపాయలకు అమ్మితే లాభం 20 రూపాయలు. ఇంతవరకు ఏడో తరగతిలో ఎవరికీ సందేహం రాదు. లాభశాతం ఎంత అని అడగగానే తరగతి రెండుగా చీలిపోతుంది. కొందరు 25 అంటారు, కొందరు 20 అంటారు. 20 అన్న పిల్లలకు భాగహారం రాదని అనుకుంటే వాళ్లకు అన్యాయం చేసినట్టే. వాళ్లు లాభాన్ని 100తో పోల్చారు, మిగిలినవాళ్లు 80తో పోల్చారు. ఇద్దరి గణనా సరిగానే ఉంది. తేడా వచ్చింది ఆధారం దగ్గర. లాభనష్టాల పాఠంలో పిల్లలు పోగొట్టుకునే మార్కుల్లో చాలా భాగం ఈ ఆధారాన్ని ఎంచుకోవడం దగ్గరే పోతుందని, గుణకారాల దగ్గర పోయేది తక్కువేనని నా అభిప్రాయం.

పాఠ్యపుస్తకాల నియమం స్పష్టంగా ఉంది. లాభశాతమైనా నష్టశాతమైనా, వేరేగా చెప్పనంతవరకు, కొన్న వెల మీదే లెక్కించాలి. కాబట్టి పరీక్షలో జవాబు 25 శాతం. కానీ ఇది నియమం కాబట్టి పాటించండి అని చెప్పి వదిలేస్తే పిల్లలు వారం తిరక్కుండానే మరిచిపోతారు. కారణం చెప్పాలి. వ్యాపారి చేతి నుంచి ముందుగా బయటికి వెళ్లిన డబ్బు 80 రూపాయలు. ఆ పెట్టుబడి ఎంత తెచ్చిపెట్టిందో తెలుసుకోవడానికే లాభశాతం చూస్తాం. వంద రూపాయలు అతను పెట్టినవి కావు, అతనికి వచ్చినవి. పైగా ఆ వందలో లాభం కూడా కలిసే ఉంది.

మరి 20 శాతం పూర్తిగా తప్పా? కాదు. బజారులో చాలామంది దుకాణదారులు ఆ పద్ధతిలోనే మాట్లాడతారు. సరుకు వేసే ఏజెంటు 'ఎమ్మార్పీ మీద ఇరవై శాతం మార్జిన్' అంటే వంద రూపాయల వస్తువును 80కి ఇస్తున్నాడని అర్థం. దుకాణదారుకు అందులో ఒక సౌకర్యం ఉంది. సాయంత్రం గల్లాపెట్టెలో 5,000 రూపాయలు ఉంటే, ఒక్కో వస్తువు కొన్న వెల వెతక్కుండానే అందులో దాదాపు వెయ్యి లాభమని చెప్పగలడు. ఒకే దుకాణంలో రెండు పద్ధతులూ బతుకుతాయి. ఒకదానిలో వచ్చిన అంకెను రెండోదానిలో వాడినప్పుడే చిక్కు. మార్జిన్ ఇరవై శాతమని విన్న పిల్లవాడు 80 మీద ఇరవై శాతం వేసి 96కు అమ్మితే, ఒక్కో బాక్సు మీద నాలుగు రూపాయలు వదులుకున్నట్టే.

అందుకే తరగతిలో దుకాణం పెట్టినప్పుడు నేను ఒక షరతు పెడతాను. బల్ల మీద సరుకు పేర్చుతాం. ప్రతి వస్తువుకూ ఒక చీటీ ఉంటుంది. ముందువైపు ప్రకటన వెల, వెనకవైపు కొన్న వెల. కొనేవాళ్లకు ముందువైపు మాత్రమే కనిపిస్తుంది. ఒకరు దుకాణదారు, ఒకరు టోకు వ్యాపారి, ఒకరు అప్పు ఇచ్చే వ్యక్తి. లెక్కల పుస్తకం దుకాణదారు దగ్గర ఉంటుంది. షరతు ఏమిటంటే, ఆ పుస్తకంలో ఏ శాతమూ ఒంటరిగా కనిపించకూడదు. '25 శాతం' అని రాస్తే కొట్టేస్తాను. 'కొన్న వెల మీద 25 శాతం', 'ప్రకటన వెల మీద 10 శాతం' అని పూర్తిగా రాయాలి. మొదట్లో పిల్లలు విసుక్కుంటారు. వెనక్కి వెళ్లే లెక్కలు మొదలయ్యాక ఆ విసుగు పోతుంది.

వెనక్కి వెళ్లే లెక్క అంటే ఇది. ఒక బడి సంచిని 480 రూపాయలకు అమ్మితే 20 శాతం లాభం వచ్చింది. కొన్న వెల ఎంత? ఎక్కువమంది చేసే పని 480లో 20 శాతం కనుక్కోవడం. అది 96. దాన్ని తీసేస్తే 384. చూడటానికి జవాబు నమ్మదగినట్టే ఉంటుంది, అందుకే ప్రమాదకరం. దీన్ని పట్టుకోవడానికి ఒకే మార్గం, వచ్చిన జవాబుతో లెక్కను ముందుకు నడిపి చూడటం. 384కు కొన్న సంచి మీద 20 శాతం లాభం వేస్తే 76 రూపాయల 80 పైసలు. కలిపితే 460 రూపాయల 80 పైసలు. మనకు రావలసింది 480. జవాబు తప్పని పిల్లలకే తెలిసిపోతుంది, ఉపాధ్యాయుడు చెప్పనక్కరలేదు.

సరైన దారికి నేను సూత్రం కన్నా భాగాల పద్ధతినే ఇష్టపడతాను. 20 శాతం అంటే ఐదో వంతు. కొన్న వెలను ఐదు సమాన భాగాలుగా ఊహించుకోవాలి. లాభం అలాంటిదే ఇంకొక భాగం. కాబట్టి అమ్మిన వెల ఆరు భాగాలు. ఆరు భాగాలు 480 అయితే ఒక భాగం 80, ఐదు భాగాలు 400. కొన్న వెల 400 రూపాయలు. ఈ బొమ్మను నోటు పుస్తకంలో ఆరు గళ్లుగా గీస్తే ఇంకో విషయం కూడా కంటికి కనిపిస్తుంది. లాభం కొన్న వెలలో ఐదో వంతు, అమ్మిన వెలలో ఆరో వంతు. అదే 80 రూపాయలు, రెండు పేర్లతో. జామెట్రీ బాక్సు విషయంలోనూ ఇదే జరిగింది. కొన్న వెలలో నాలుగో వంతు, అమ్మిన వెలలో ఐదో వంతు. కొన్న వెల మీద సగం లాభం వేసుకుంటే అది అమ్మిన వెలలో మూడో వంతవుతుంది. ఈ వరుస ఒకసారి గమనించిన పిల్లలు మార్జిన్ నుంచి లాభశాతానికి, లాభశాతం నుంచి మార్జిన్‌కు నోటితోనే మారగలరు.

నష్టానికి బొమ్మ తిరగబడుతుంది. 20 శాతం నష్టమంటే కొన్న వెల ఐదు భాగాలు, అందులో ఒకటి పోయింది, అమ్మిన వెల నాలుగు భాగాలు. ఇక్కడి నుంచే పోటీ పరీక్షల్లో తరచుగా కనిపించే ఒక ప్రశ్న పుడుతుంది. దుకాణదారు రెండు సంచులను చెరి 480 రూపాయలకు అమ్మాడు. ఒకదాని మీద 20 శాతం లాభం, రెండోదాని మీద 20 శాతం నష్టం. మొత్తం మీద ఏమైంది?

లాభమూ నష్టమూ సమానం కాబట్టి సరికి సరి అని తరగతి దాదాపు ఏకకంఠంతో చెబుతుంది. భాగాలు గీయించండి. మొదటి సంచిలో ఆరు భాగాలు 480, ఒక భాగం 80, కొన్న వెల 400. రెండో సంచిలో నాలుగు భాగాలు 480, ఒక భాగం 120, కొన్న వెల 600. రెండు బొమ్మల్లోనూ పోయిందీ వచ్చిందీ ఒక్కో భాగమే. కానీ వచ్చిన భాగం విలువ 80, పోయిన భాగం విలువ 120. మొత్తం పెట్టుబడి 1,000, చేతికి వచ్చింది 960. నష్టం 40 రూపాయలు, అంటే మొత్తం కొన్న వెల మీద 4 శాతం. రెండు ఇరవై శాతాలు ఒకదాన్నొకటి కొట్టేసుకోకపోవడానికి కారణం అవి రెండు వేర్వేరు వెలల మీద నిలబడి ఉండటమే. నష్టం వచ్చిన సంచి ఖరీదైనది, కాబట్టి దాని ఇరవై శాతమే బరువైనది.

ఈ ప్రశ్నకు ఒక అడ్డదారి ఉంది. శాతాన్ని దానితోనే గుణించి 100తో భాగిస్తే నష్టశాతం వస్తుంది. 20ని 20తో గుణిస్తే 400, వందతో భాగిస్తే 4. 10 శాతమైతే 1 శాతం నష్టం. కోచింగ్ పుస్తకాల్లో ఇది పెట్టె కట్టి ఉంటుంది, పిల్లలు బట్టీ పట్టేస్తారు. అయితే ఇది అమ్మిన వెలలు సమానంగా ఉన్నప్పుడు మాత్రమే పనిచేస్తుంది. రెండు సంచులనూ చెరి 500కు కొని, ఒకదాన్ని 600కు, రెండోదాన్ని 400కు అమ్మితే నిజంగానే సరికి సరి. అక్కడ రెండు శాతాలకూ ఆధారం ఒకే వెల. ప్రశ్నలో 'ఒకే ధరకు అమ్మాడు' అని ఉందా, 'ఒకే ధరకు కొన్నాడు' అని ఉందా చూడకుండా అడ్డదారి తొక్కితే జవాబు పోతుంది.

తగ్గింపు వచ్చేసరికి మూడో వెల ప్రవేశిస్తుంది. కొన్న వెల, అమ్మిన వెల కాక, చీటీ మీద వేసే ప్రకటన వెల. ఒక సంచిని 400కు కొన్న దుకాణదారు దాని మీద 40 శాతం పెంచి చీటీ వేశాడు. పండుగ పేరు చెప్పి 25 శాతం తగ్గించాడు. లాభం 15 శాతమా? నలభైలోంచి ఇరవై ఐదు తీసేసిన పిల్లలకు ఆ జవాబే వస్తుంది. నిజంగా జరిగింది చూద్దాం. 400 మీద 40 శాతం 160, ప్రకటన వెల 560. తగ్గింపు ఎప్పుడూ ప్రకటన వెల మీదే ఇస్తారు, ఎందుకంటే కొనేవాడికి కనిపించేది అదొక్కటే. 560లో 25 శాతం 140. అమ్మిన వెల 420. లాభం 20 రూపాయలు, కొన్న వెల మీద 5 శాతం మాత్రమే. రెండు శాతాలను కూడాలన్నా తీసివేయాలన్నా రెండింటికీ ఆధారం ఒకటే అయి ఉండాలి. ఇక్కడ ఒకటి 400 మీద, మరొకటి 560 మీద.

ఈ లెక్కను తరగతిలో ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లవచ్చు. 40 శాతం పెంచిన దుకాణదారు ఎంత తగ్గిస్తే లాభమూ నష్టమూ లేకుండా ఉంటుంది? 40 శాతమని చెప్పినవాళ్లతోనే అమ్మించండి. 560లో 40 శాతం 224, చేతికి వచ్చేది 336, ఏకంగా 64 రూపాయల నష్టం. పెంచిన 160 రూపాయలు 560లో దాదాపు 28.6 శాతమే. అది దాటి తగ్గిస్తే దుకాణం నష్టాల్లోకి వెళుతుంది. దుకాణదారు పాత్రలో ఉన్న పిల్లలు ఈ హద్దును తామే కనుక్కున్నప్పుడు, ఆ తరువాత తగ్గింపు అడిగినవాళ్లకు చీటీ వెనకవైపు ఉన్న కొన్న వెల చూసుకుని గానీ జవాబు చెప్పరు.

ఇక వడ్డీ. బారువడ్డీలో ఆధారం గురించి గందరగోళం తక్కువగా ఉండాలి నిజానికి. వడ్డీ ఎప్పుడూ మొదట తీసుకున్న అసలు మీదే. రెండో ఏడాదైనా మూడో ఏడాదైనా ఆ అసలు మారదు. పెరిగిన వడ్డీని అసలులో కలిపి మళ్లీ వడ్డీ కడితే అది చక్రవడ్డీ, వేరే పాఠం. సూత్రం అందరికీ తెలిసినదే: అసలును కాలంతో, వడ్డీ రేటుతో గుణించి వందతో భాగించాలి. కానీ ఇక్కడ శాతానికి ఇంకొక ఆధారం కూడా ఉంది, అది కాలం. పుస్తకంలో రేటు ఏడాదికి ఉంటుంది. మన ఊళ్లలో 'రెండు రూపాయల వడ్డీ' అంటే నూటికి నెలకు రెండు రూపాయలు, అంటే ఏడాదికి 24 శాతం. ఇంట్లో విన్న భాషను పిల్లలు బడికి తెస్తారు. తేవాలి కూడా. కానీ దాన్ని సూత్రంలో పెట్టేటప్పుడు రేటు నెలలదైతే కాలమూ నెలల్లోనే, రేటు ఏడాదిదైతే కాలమూ ఏడాదుల్లోనే ఉండాలి.

5,000 రూపాయలు రెండు రూపాయల వడ్డీకి ఆరు నెలలు తీసుకుంటే నెలకు 100, మొత్తం 600 రూపాయలు. ఏడాది రేటు 24ను, నెలల సంఖ్య 6ను కలిపి సూత్రంలో వేస్తే 7,200 వస్తుంది. నెల రేటు 2ను, అర ఏడాదిని వేస్తే 50 వస్తుంది. ఆరు నెలల్లో వడ్డీ అసలును దాటిపోయినా, ఒక్క నెల వడ్డీ కన్నా తక్కువ వచ్చినా ఎక్కడో పొరపాటు జరిగిందని అర్థం. ముందు ఒక నెల వడ్డీని నోటితో చెప్పించి, ఆ తరువాతే సూత్రంలోకి పంపిస్తే ఈ తప్పు దాదాపు రాదు.

వెనక్కి వెళ్లే లెక్క ఇక్కడా ఉంది, దాని ఉచ్చు సంచి లెక్కలో చూసినదే. ఏడాదికి 12 శాతం చొప్పున రెండేళ్లకు మొత్తం 6,200 అయింది, అసలు ఎంత? 6,200లోంచి 24 శాతం తీసేస్తే 4,712 వస్తుంది. అది తప్పు, ఎందుకంటే ఆ 24 శాతం అసలు మీద వేసినది, మొత్తం మీద కాదు. నూరు రూపాయల అసలు రెండేళ్లలో 124 అవుతుంది. 6,200ను 124తో భాగిస్తే 50. అసలు 50 నూర్లు, అంటే 5,000. లాభం లెక్కలో అమ్మిన వెల చేసే పనినే ఇక్కడ మొత్తం చేస్తుంది. కొన్న వెల స్థానంలో అసలు ఉంటుంది. రెండు పాఠాలనూ విడివిడిగా చెప్పడం వల్ల పిల్లలు ఈ పోలికను చూడలేకపోతారు.

వాయిదాల్లో తీర్చే అప్పు దగ్గర మాత్రం బారువడ్డీ ఆధారం పెద్దవాళ్లను కూడా తప్పుదారి పట్టిస్తుంది. 12,000 రూపాయలు ఏడాదికి 12 శాతం వడ్డీకి తీసుకుని, 12 సమాన నెల వాయిదాల్లో కట్టాలనుకుందాం. మొదటి అసలు మీదే వడ్డీ వేస్తే 1,440. మొత్తం 13,440, నెలకు 1,120. కానీ నెలకు వెయ్యి చొప్పున అసలు తీరిపోతూ ఉంటుంది. చివరి నెలలో అప్పుదారు దగ్గర ఉన్న అసలు వెయ్యి మాత్రమే, వడ్డీ మాత్రం పన్నెండు వేల మీద పడుతుంది. నెలనెలా మిగిలిన అసలు మీదే వడ్డీ వేస్తే, 12,000 మొదలుకొని 1,000 వరకు నెలల బాకీలన్నీ కూడగా 78,000 వస్తుంది. అందులో నెలకు ఒక శాతం చొప్పున 780 రూపాయలు. చెప్పిన రేటు రెండు చోట్లా 12 శాతమే, కట్టే వడ్డీ ఒకచోట 780, ఇంకోచోట 1,440. ఫ్లాట్ రేటు అని చెప్పినప్పుడు కట్టేది ఈ 1,440 రూపాయలే.

లాభాన్నీ వడ్డీనీ ఒకేచోట కలిపితేనే తరగతి దుకాణం నిజమైన దుకాణంలా నడుస్తుంది. జూన్‌లో బడులు తెరిచే ముందు దుకాణదారు రెండు రూపాయల వడ్డీకి 20,000 అప్పు చేసి నోటు పుస్తకాలు తెచ్చాడు. సరుకు 19,400, ఆటో కిరాయి 600. కిరాయి కూడా కొన్న వెలలోకే వస్తుంది, ఆ పుస్తకాలు దుకాణానికి చేరడానికి పెట్టిన ఖర్చు కాబట్టి. సరుకు మొత్తం 24,000కు అమ్ముడుపోయింది. లాభం 4,000, కొన్న వెల మీద 20 శాతం. అప్పు వడ్డీ ఏడాదికి 24 శాతం. ఇరవై కన్నా ఇరవై నాలుగు ఎక్కువ కాబట్టి నష్టమే వచ్చిందని ఎవరో ఒకరు తప్పక అంటారు.

ఈ మాట మీద ఎంత సేపు ఆగినా తక్కువే. లాభశాతంలో కాలం లేదు. సరుకు వారంలో అమ్ముడైనా ఏడాదికి అమ్ముడైనా ఇరవై శాతం ఇరవై శాతమే. వడ్డీ శాతం కాలంతో నడుస్తుంది. మూడు నెలల్లో సరుకు అమ్ముడైతే వడ్డీ అసలు మీద 6 శాతం, అంటే 1,200. చేతిలో మిగిలేది 2,800. ఆరు నెలలు పడితే వడ్డీ 2,400, మిగిలేది 1,600. పది నెలలు పడితే వడ్డీ 4,000, మిగిలేది ఏమీ లేదు. బడి పుస్తకాల గిరాకీ జూన్, జూలైలతో తగ్గిపోతుంది కాబట్టి ఆగస్టు దాటిన సరుకు ఎంత లాభశాతం చూపించినా దుకాణదారు దిగులు పడటంలో అర్థం ఉంది.

ఇప్పుడు అప్పు ఇచ్చే పాత్రలో ఉన్న విద్యార్థికి ఇంకో పద్ధతి నేర్పుదాం. మూడు నెలల వడ్డీ 1,200ను ముందే పట్టుకుని 18,800 చేతిలో పెడతాడు. మూడు నెలల తరువాత 20,000 తిరిగి ఇవ్వాలి. వడ్డీ ముందు ఇచ్చినా తరువాత ఇచ్చినా 1,200 కదా అనిపిస్తుంది. కానీ దుకాణదారు వాడుకున్నది 18,800 మాత్రమే. దాని మీద మూడు నెలలకు 1,200 అంటే దాదాపు 6.4 శాతం, ఏడాదికి 25.5 శాతం. దుకాణం వైపు నుంచి చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. కిరాయితో కలిపి 18,800 సరుకే వస్తుంది. అదే 20 శాతం లాభానికి అమ్మితే 22,560. అప్పు 20,000 తీరిస్తే మిగిలేది 2,560. వడ్డీ చివర్లో కట్టినప్పుడు మిగిలింది 2,800. తేడా 240 రూపాయలు, సరిగ్గా ఆ పట్టుకున్న 1,200 రూపాయల సరుకు మీద రావలసిన ఇరవై శాతం లాభం.